కొన్న పుస్తకం, కొట్టేసిన పుస్తకం

2024లో ఆంత్రోపిక్ అనే అమెరికన్ ఏఐ కంపెనీ లక్షల కొద్దీ అచ్చు పుస్తకాలు కొనడం మొదలుపెట్టింది. వాటిలో సెకండ్ హ్యాండువి చాలానే ఉన్నాయి. వచ్చిన పుస్తకానికి ముందు అట్ట, బైండింగు ఊడదీసేవారు. కాగితాల్ని స్కానర్‌లో పట్టే కొలతకు కోసి, వరసగా స్కాన్ చేసేవారు. పీడీఎఫ్ తయారయ్యాక ఆ కాగితాల్ని పారేసేవారు. ఈ పని నడిపించడానికి ఒకప్పుడు గూగుల్ బుక్స్‌లో ప్రచురణకర్తలతో ఒప్పందాలు చూసిన మనిషిని తెచ్చుకున్నారు.

పుస్తకాలంటే ప్రాణం పెట్టేవాళ్లకు ఇది వినడానికే కష్టంగా ఉంటుంది. అయినా కోర్టు దీన్ని తప్పు పట్టలేదు. డబ్బిచ్చి కొన్న పుస్తకం నీది, దాన్ని కాగితం రూపం నుంచి కంప్యూటర్ ఫైలుగా మార్చుకున్నావు, కొత్తగా ఇంకో కాపీ ఎవరికీ పంచలేదు అంది. కంపెనీ మెడకు చుట్టుకున్నది అంతకుముందు, ఒక్క కాగితం కూడా చింపకుండా చేసిన పని.

క్లాడ్, చాట్‌జీపీటీ లాంటి భాషా మోడళ్లకు మేత రాత. వెబ్‌లో రాతకు కొదవ లేదు గానీ అందులో ప్రకటనలు, వాదులాటలు, సగంలో ఆగిన వాక్యాలు చాలా ఉంటాయి. మూడొందల పేజీల పాటు ఒకే విషయాన్ని పట్టుకుని, ఎడిటర్ చేతిలో పడి శుభ్రమై వచ్చిన రాత కావాలంటే పుస్తకాలే దిక్కు. అందుకే ఈ రంగంలో కంపెనీలన్నీ పుస్తకాల వెంట పడ్డాయి. 2021 మొదట్లో ఆంత్రోపిక్ సహ వ్యవస్థాపకుల్లో ఒకరు బుక్స్3 అనే ఫైళ్ల మూటను దించుకున్నారు. అందులో ఇంచుమించు 1,96,000 పుస్తకాలున్నాయి. అదే ఏడాది జూన్‌లో లైబ్రరీ జెనిసిస్ అనే పైరసీ సైటు నుంచి కనీసం 50 లక్షల ఫైళ్లు వచ్చాయి. 2022 జులైలో పైరేట్ లైబ్రరీ మిర్రర్ నుంచి మరో 20 లక్షలు తోడయ్యాయి. ఈ రెండోదానికి పేరులోనే పైరేట్ అని ఉంది కాబట్టి, అదేమిటో తెలియలేదని చెప్పుకోవడానికి ఎవరికీ వీల్లేదు.

రచయితలకు ఈ సంగతి చాలాకాలం తెలియదు. 2023లో అట్లాంటిక్ పత్రిక బుక్స్3లో ఎవరి పుస్తకాలున్నాయో వెతుక్కునే వీలు కల్పించింది. పేరు టైపు చేస్తే చాలు, తమ పుస్తకాల జాబితా కళ్లముందుకొస్తుంది. ఆ తర్వాత కోర్టుల్లో కేసులు వరస కట్టాయి. 2024 ఆగస్టులో ఆంత్రోపిక్ మీద కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో కేసు వేసినవారు ముగ్గురు. థ్రిల్లర్ నవలలు రాసే ఆండ్రియా బార్ట్జ్, వాస్తవ కథనాలు రాసే చార్లెస్ గ్రేబర్, కర్క్ వాలెస్ జాన్సన్. కేసు జడ్జి విలియం ఆల్సప్ ముందుకొచ్చింది.

అమెరికాలో ఇలాంటి గొడవలన్నీ చివరికి ఫెయిర్ యూజ్ అనే మినహాయింపు దగ్గరకే చేరతాయి. అనుమతి లేకుండా వాడుకున్నా కొన్ని వాడకాలు న్యాయమైనవేనని ఆ దేశపు చట్టం ఒప్పుకుంటుంది. ఏది న్యాయమో తేల్చడానికి జడ్జీలు నాలుగు విషయాలు చూస్తారు. ఎందుకు వాడారు, వాడుకున్న రచన ఎలాంటిది, అందులో ఎంత తీసుకున్నారు, దానివల్ల అసలు రచన అమ్మకాలకు దెబ్బ తగిలిందా. మొదటిదీ చివరిదే అసలు బరువున్నవి. 2015లో గూగుల్ బుక్స్ కేసు ఈ కొలతల మీదే గట్టెక్కింది. గూగుల్ కోట్ల పుస్తకాలు స్కాన్ చేసినా, పాఠకుడికి చూపించేది వెతికిన మాట చుట్టూ ఉన్న రెండు మూడు పంక్తులే. అది పుస్తకానికి ప్రత్యామ్నాయం కాదని అప్పీలు కోర్టు అంది. ఏఐ కంపెనీల లాయర్లు ఇప్పుడు గట్టిగా పట్టుకున్న కొమ్మ అదే.

ఆల్సప్ ముందుగా ఒక పుస్తకం మోడల్‌లోకి వెళ్లే దారి పొడుగునా ఎన్నిసార్లు కాపీ అవుతుందో విడదీసి చూశారు. కంపెనీ తన లైబ్రరీలోంచి శిక్షణకు పనికొచ్చే పుస్తకాన్ని ఎంచుకుని వేరే చోట పెట్టుకుంటుంది, అది ఒక కాపీ. పేజీ నంబర్లు, పైన పదేపదే వచ్చే శీర్షికలు తీసేసి శుభ్రం చేసినది ఇంకో కాపీ. ఆ రాతను చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు అంకె తగిలిస్తారు. వీటినే టోకెన్లు అంటారు, అది మూడో కాపీ. ఏ ముక్క తర్వాత ఏది రావచ్చో లెక్క కట్టడం మోడల్ వీటి మీదే లక్షల సార్లు నేర్చుకుంటుంది. చివరికి మోడల్‌లో మిగిలేవి అంకెలు మాత్రమే. అయినా పుస్తకం కుదించిన రూపంలో ఆ అంకెల్లో ఉండిపోయిందన్న రచయితల వాదనను ఆల్సప్ తన తీర్పు వరకు నిజమే అనుకున్నారు.

అలా అనుకుని కూడా, 2025 జూన్ 23న ఇచ్చిన ఉత్తర్వులో, శిక్షణ ఫెయిర్ యూజ్ కిందికే వస్తుందన్నారు. మోడల్ ఆ పుస్తకాలను బయటికి యథాతథంగా ఇస్తోందని రచయితలు ఆరోపించలేదు. పుస్తకాలు చదివి కొత్త రాత రాయడం నేర్చుకోవడం పూర్తిగా వేరే ప్రయోజనమని ఆయన లెక్క. మోడళ్ల వల్ల పోటీ రచనలు వెల్లువలా వచ్చిపడతాయన్న భయానికి ఆయన చెప్పిన జవాబు ఇది: బడి పిల్లలకు బాగా రాయడం నేర్పితే పోటీ పెరుగుతుందని ఫిర్యాదు చేయడం లాంటిదే ఇదీ.

పైరసీ ఫైళ్ల దగ్గరకు వచ్చేసరికి ఆయన గొంతు మారింది. కంపెనీ ఆ ఫైళ్లను శిక్షణకు వాడి ఊరుకోలేదు. శిక్షణకు పనికిరావని తేల్చిన వాటిని కూడా ఎప్పటికైనా పనికొస్తాయని సొంత లైబ్రరీలో దాచుకుంది. కొనుక్కోవలసిన పుస్తకాన్ని కొనకుండా కొట్టేసి దాచుకోవడం వేరే వాడకం, దానికి శిక్షణ సాకు కాదు అన్నారు. అదే పుస్తకాన్ని తర్వాత కొన్నా ముందు చేసిన తప్పు చెరిగిపోదని, మహా అయితే నష్టపరిహారం లెక్కలో అది కలిసొస్తుందని తేల్చారు.

రెండు రోజులకు, అదే కోర్టులో, అదే నగరంలో మరో జడ్జి ఇంకో తీర్పిచ్చారు. మెటా మీద సారా సిల్వర్‌మన్, టా-నెహిసి కోట్స్, జూనో డియాజ్‌తో సహా 13 మంది రచయితలు వేసిన కేసు అది. మెటా కూడా లైబ్రరీ జెనిసిస్ లాంటి చోట్ల నుంచే పుస్తకాలు టొరెంట్‌లో దించుకుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో టొరెంట్ నడపడం ఏదో తేడాగా ఉందని ఒక ఉద్యోగి రాసుకున్న సందేశం కూడా కోర్టు కాగితాల్లోకి ఎక్కింది. జడ్జి విన్స్ ఛాబ్రియా మెటాకే గెలుపు ఇచ్చారు. అయితే ఆ తీర్పు చదివితే, గెలిచినవాడికి ఇంతగా తలంటడం ఎప్పుడైనా జరిగిందా అనిపిస్తుంది.

ఆల్సప్ బడి పిల్లల పోలికను ఛాబ్రియా పేరెత్తి మరీ తోసిపుచ్చారు. మనిషికి రాయడం నేర్పడం వేరు, ఒక్క మనిషి చేతికి క్షణాల్లో లెక్కలేనన్ని రచనలు పుట్టించే పనిముట్టు ఇవ్వడం వేరు అన్నారు. మోడల్ నా పుస్తకంలో ఒక్క వాక్యం కూడా ఎత్తకపోవచ్చు. కానీ నా పుస్తకం లాంటివి వెయ్యి పుట్టించి బజారు నింపేస్తే, నా అమ్మకాలు పడిపోవూ? ఈ వాదనతో, సరైన సాక్ష్యంతో వస్తే చాలా కేసుల్లో రచయితలే గెలుస్తారని ఆయన రాశారు. ఈ 13 మంది లాయర్లు ఆ దారిలో దాదాపు ఏ ఆధారమూ చూపలేదు కాబట్టి ఓడారు. మొత్తం గొడవలో ఇప్పటిదాకా వచ్చిన అతి బలమైన వాదన రచయితల లాయర్ల నోట రాలేదు, వాళ్లను ఓడించిన జడ్జి కలంలోంచి వచ్చింది. రాబోయే కేసులు దీని చుట్టూనే తిరిగేలా ఉన్నాయి. అన్ని పుస్తకాలకూ ఈ దెబ్బ ఒకే తీరున తగలదని కూడా ఆయనే అన్నారు. పేరున్న రచయిత నవలను పాఠకుడు ఆ పేరు చూసి కొంటాడు. మొక్కలు పెంచడం ఎలా అన్న పుస్తకానికి, రైల్లో చదివి పక్కన పడేసే ప్రేమకథకు ఆ రక్ష ఉండదు.

కంపెనీల వైపు వాదనను కూడా తేలిగ్గా తీసేయడానికి లేదు. కాపీరైటు కాపాడేది చెప్పిన తీరును. భాషా వ్యాకరణం, వాస్తవాలు, కథ నడిపే ఒడుపు ఎవరి సొత్తూ కావు. మోడల్ నేర్చుకునేది ఎక్కువగా అవే. పైగా లక్షల మంది రచయితల దగ్గరికి ఒక్కొక్కరుగా వెళ్లి అనుమతి తెచ్చుకోవడం జరిగే పని కాదు, అలా తప్పనిసరి చేస్తే డబ్బున్న రెండు మూడు కంపెనీలే మిగులుతాయి అంటారు. ఇందులో మొదటి మాట గట్టిది. రెండోది అంత గట్టిది కాదు. 2024 చివర్లో హార్పర్‌కాలిన్స్ తన పాత పుస్తకాల్లో కొన్నింటిని ఏఐ శిక్షణకు ఇవ్వడానికి రచయితల ముందు ఒక ఒప్పందం పెట్టింది. మూడేళ్లకు, ఒక్కో పుస్తకానికి రచయిత వాటా 2,500 డాలర్లు. ఒప్పుకున్నవాళ్లున్నారు, ఛీ కొట్టినవాళ్లూ ఉన్నారు. ఏదేమైనా అడగడం అసాధ్యం కాదని దానితో తేలింది. అయితే ఇలాంటి లైసెన్సుల డబ్బు పోయిందన్నంత మాత్రాన దాన్ని నష్టంగా లెక్కించడానికి ఆల్సప్, ఛాబ్రియా ఇద్దరూ ఒప్పుకోలేదు. అనుమతి అవసరమా అన్నదే ప్రశ్న అయినప్పుడు, అనుమతి రుసుము పోయిందనడం తిరిగి మొదటికే రావడం అవుతుందని వాళ్ల ఉద్దేశం.

మళ్లీ ఆంత్రోపిక్ దగ్గరకు వస్తే, 2025 జులైలో ఆల్సప్ ఆ ముగ్గురి కేసును, పైరసీ ఫైళ్లలో పుస్తకాలున్న హక్కుదారులందరి ఉమ్మడి కేసుగా మార్చారు. అక్కడితో లెక్క తారుమారైంది. అమెరికా చట్టంలో నష్టం ఎంతో నిరూపించకుండానే పుస్తకానికి ఇంతని పరిహారం అడగవచ్చు. అది కనీసం 750 డాలర్లు. తెలిసి తెలిసీ చేశారని తేలితే 1,50,000 డాలర్ల దాకా వెళ్లవచ్చు. 70 లక్షల ఫైళ్లలో ఒకే పుస్తకం రెండుమూడు సార్లు వచ్చినవి, నిబంధనలకు అందనివి తీసేయగా మిగిలినవి 4,82,460. వీటికి కనిష్ఠ పరిహారం వేస్తేనే 36 కోట్ల డాలర్లు దాటుతుంది. గరిష్ఠం వేస్తే 7,200 కోట్ల డాలర్ల పైమాటే. అంత సొమ్ము చెల్లించి ఏ కంపెనీ బతికి బట్టకట్టదు. డిసెంబరులో విచారణ జరగాల్సి ఉండగా, ఆగస్టు చివర్లోనే రాజీకి వచ్చారు. మొత్తం 150 కోట్ల డాలర్లు, పుస్తకానికి సుమారు 3,000 డాలర్లు. మన లెక్కలో రెండున్నర లక్షల రూపాయల పైన. అది రచయితా ప్రచురణకర్తా పంచుకోవాలి. పైరసీ ఫైళ్లను కంపెనీ నాశనం చేయాలి. సెప్టెంబరు 25న ఆల్సప్ దీనికి తొలి ఆమోదం ఇచ్చారు. ఇక ముందు శిక్షణకు అనుమతి గానీ, మోడల్ రాసే రాతల మీద మాఫీ గానీ ఈ రాజీలో లేవు.

అప్పీలు దాకా వెళ్లకుండా ముగియడంతో శిక్షణ న్యాయమన్న మాటను పై కోర్టు ఈ కేసులో పరీక్షించే అవకాశమూ పోయింది. ఇది గమనించవలసిన సంగతి. డబ్బు పడింది పుస్తకం దొంగ దారిలో వచ్చినందుకు. అది మోడల్‌లోకి వెళ్లినందుకు ఎవరికీ పైసా రాలేదు.

బొమ్మల విషయంలో ఈ దారి ఇంకా మెలికలు తిరిగింది. బొమ్మలు గీసే మోడళ్లకు వాడిన లయాన్ అనే పెద్ద జాబితాలో నిజానికి బొమ్మలుండవు. వందల కోట్ల వెబ్ లింకులు, వాటి పక్కన వివరణలు ఉంటాయి, అంతే. ఆ లింకులు పట్టుకుని కంపెనీలు బొమ్మలు దించుకుంటాయి. స్టేబుల్ డిఫ్యూజన్ గీసిన కొన్ని బొమ్మల మీద గెటీ ఇమేజెస్ వాటర్‌మార్కు వంకరటింకర అక్షరాలతో ప్రత్యక్షమైంది. చూసినవాళ్లకు ఎవరి సరుకో వేరే చెప్పక్కర్లేకపోయింది. అయినా లండన్ హైకోర్టులో గెటీకి దక్కింది కొంచెమే. శిక్షణ బ్రిటన్‌లో జరిగిందని చూపలేక ఆ ఆరోపణను గెటీయే మధ్యలో వదులుకుంది. మోడల్‌లో బొమ్మలేవీ నిలవ ఉండవు కాబట్టి మోడల్‌ను దొంగ కాపీ అనలేమని 2025 నవంబరు 4న జడ్జి చెప్పారు. వాటర్‌మార్కు వల్ల ట్రేడ్‌మార్కు హక్కుకు కొంత భంగం జరిగిందని మాత్రం ఒప్పుకున్నారు.

సరిగ్గా వారం తిరిగేసరికి మ్యూనిక్ కోర్టు దీనికి అడ్డంగా తీర్పు చెప్పింది. జర్మన్ సంగీతకారుల సంఘం గేమా, తొమ్మిది పాటల సాహిత్యాన్ని చాట్‌జీపీటీ అడగ్గానే అప్పజెబుతోందని ఓపెన్‌ఏఐ మీద కేసు వేసింది. అప్పజెప్పగలుగుతోందంటే పాట లోపల ఉన్నట్టే, అంకెల రూపంలో ఉన్నా అది కాపీయేనని మ్యూనిక్ కోర్టు లెక్క. ఒక కోర్టు దృష్టిలో మోడల్ చదివిన మనిషి లాంటిది, ఇంకో కోర్టు దృష్టిలో గిడ్డంగి లాంటిది. పరిశోధకులు కొలిచి చూస్తే రెండూ కొంత నిజమే అనిపిస్తుంది. 2025లో స్టాన్‌ఫర్డ్ తదితర విశ్వవిద్యాలయాల వారు మెటా లామా మోడళ్లలో ఒకదాన్ని పరీక్షించారు. హ్యారీ పాటర్ మొదటి పుస్తకంలో ఇంచుమించు 42 శాతం భాగాన్ని అది చిన్న చిన్న ముక్కలుగా మాటకు మాట చెప్పగలదని తేలింది. అదే మోడల్‌కు అంతగా పేరులేని పుస్తకాల్లో చాలావాటి నుంచి దాదాపు ఏమీ గుర్తులేదు. వెబ్‌లో వందల చోట్ల తిరిగే వాక్యం మోడల్‌లో పాతుకుపోతుంది, ఒక్క చోటే ఉన్నది కరిగిపోతుంది.

కోడ్ రాసేవాళ్ల గోడు వేరు. గిట్‌హబ్‌లో కోట్ల పంక్తుల కోడ్ ఉచితంగానే ఉంటుంది, ఎవరైనా వాడుకోవచ్చు. తరచూ కనిపించే ఎంఐటీ లైసెన్సు కోరేది ఒక్కటే, వాడుకున్న చోట రాసినవాడి కాపీరైటు ప్రకటన ఉంచమని. కోపైలట్ అనే సాధనం అదే కోడ్ మీద నేర్చుకుని, పేరు ఊడదీసి, కొత్త కోడ్‌గా అందిస్తోందని 2022 నవంబరులో కొందరు ప్రోగ్రామర్లు శాన్‌ఫ్రాన్సిస్కోలో కేసు వేశారు. కోపైలట్ ఇచ్చిన కోడ్ అసలుదానికి అచ్చం ఒకేలా ఉండాలి కదా అన్న దగ్గర జడ్జి చాలా ఆరోపణలను కొట్టేశారు. వేరియబుల్ పేర్లు నాలుగు మారిస్తే ఈ పరీక్షకు కోడ్ దొరకదు. ఆ ఒక్క ప్రశ్నే అప్పీలుకు వెళ్లింది. లైసెన్సు షరతు తప్పారన్న వాదన కింది కోర్టులోనే మిగిలి ఉంది.

ఇవన్నీ పరాయి దేశాల సంగతులే అనుకోవడానికి వీల్లేదు. 2024 నవంబరులో ఏఎన్ఐ వార్తా సంస్థ ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. తర్వాత ప్రచురణకర్తల సంఘమూ అందులో చేరడానికి ముందుకొచ్చింది. మన చట్టంలో ఫెయిర్ యూజ్ లాంటి సాగే మినహాయింపు లేదు. సొంత వాడకానికీ పరిశోధనకూ, విమర్శకూ సమీక్షకూ, వర్తమాన వార్తలకూ న్యాయంగా వాడుకోవచ్చని 52వ సెక్షను గీత గీసి చెబుతుంది. వ్యాపారం కోసం మోడల్‌ను తయారుచేయడం ఈ గీత లోపలికి వస్తుందా అన్నది తేలాలి. తన సర్వర్లు భారత్‌లో లేవు కాబట్టి ఈ కోర్టుకు అధికారమే లేదని కూడా ఓపెన్‌ఏఐ వాదించింది.

కేసు నడుస్తుండగానే, 2025 డిసెంబరులో పరిశ్రమల ప్రోత్సాహక శాఖ నియమించిన కమిటీ ఇంకో దారి చూపింది. చట్టబద్ధంగా అందుబాటులోకి వచ్చిన ఏ రచననైనా కంపెనీలు అడగకుండానే శిక్షణకు వాడుకోవచ్చు, రచయిత వద్దనడానికి లేదు. బదులుగా కంపెనీలు సంపాదించే దానిలోంచి రాయల్టీ కట్టాలి, ఒకే సంస్థ దాన్ని వసూలు చేసి పంచాలి. ఐటీ పరిశ్రమల సంఘం నాస్కామ్ దీనితో విభేదించింది. రచయితల కోణంలో చూస్తే కాదనే హక్కు పోయి, కూలి అడిగే హక్కు మాత్రం మిగిలినట్టయింది.

ఆ కూలి తెలుగు రచయిత దాకా ఎలా చేరుతుందన్నది వేరే చిక్కు. అమెరికా రాజీ సొమ్ము పొందాలంటే పుస్తకానికి ఐఎస్‌బీఎన్ లాంటి నంబరు ఉండాలి. ప్రచురణైన ఐదేళ్లలో అమెరికా కాపీరైట్ ఆఫీసులో నమోదై ఉండాలి. అదీ డౌన్‌లోడ్ కాకముందే గానీ, ప్రచురణైన మూడు నెలల్లో గానీ జరిగి ఉండాలి. మన చట్టంలో రాసిన క్షణం నుంచే కాపీరైటు పుడుతుంది, నమోదు తప్పనిసరి కాదు. కాబట్టి విజయవాడలోనో హైదరాబాద్‌లోనో సొంత ఖర్చుతో వెయ్యి కాపీలు అచ్చేసుకున్న కథా సంపుటి ఏ ఫైళ్ల మూటలో దొరికినా ఆ జాబితాలోకి ఎక్కేది కాదు. రేపు మన దేశంలో రాయల్టీ సంస్థ వచ్చినా పంపకానికి ముందు దానికి కావలసినవి ఇవే. ఏ పుస్తకం ఎవరిది, రచయిత పోయి అరవై ఏళ్లు నిండాయా లేదా, నిండకపోతే ఇప్పుడు వారసులెవరు, హక్కులు ప్రచురణకర్తకు రాసిచ్చారా లేక ఒక ముద్రణకే ఇచ్చారా. తెలుగులో ఈ వివరాలన్నీ ఒకచోట ఉన్న జాబితా లేదు. చాలా ఒప్పందాలు నోటిమాట మీదే నడిచాయి. స్కాన్ చేసి నెట్‌లో పెట్టిన పాత పుస్తకాల్లో హక్కులు తీరినవీ తీరనివీ కలిసే ఉన్నాయి. కథా సంపుటి వేసుకున్న మనిషి ఇప్పుడే చేసి పెట్టుకోగల పనులు రెండున్నాయి. ఐఎస్‌బీఎన్ కేంద్ర విద్యాశాఖ పోర్టల్‌లో డబ్బు కట్టకుండానే దొరుకుతుంది. ప్రచురణకర్తతో ఒప్పందాన్ని కాగితం మీద పెట్టి, అందులో ఏఐ శిక్షణ హక్కు ఎవరిదో ఒక పంక్తి రాయించుకోవచ్చు.